ఎత్తిరాత నమూనా

ఒకే తరహా ఫారాల ఫొటోలు కట్టగా చేతిలో ఉన్నప్పుడు, వాటిలోని రాతను ఎవరు నమోదు చేసినా ఒకే క్రమంలో, ఒకే తీరులో వచ్చేలా ముందుగా ఖాయం చేసుకునే గడుల పట్టికనూ, దాని నియమాలనూ కలిపి ఎత్తిరాత నమూనా అంటారు. ప్రతి పేజీకీ అవే గడులు, అదే వరుస, ఖాళీకి అదే గుర్తు ఉండటం దీని లక్షణం. గ్రామ లెక్కలు, ఆసుపత్రి కేసు షీట్లు, బడి హాజరు పట్టికలు, జనాభా లెక్కల ఫారాలు వంటి వాటన్నిటికీ ఇది పనికివస్తుంది. ఈ వ్యాసం శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు ప్రాంతపు చేతిరాత అడంగళ్లను ఉదాహరణగా తీసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

ఫారం వేరు, ఎత్తిరాత నమూనా వేరు. ఫారం రాసేవారి కోసం అచ్చు వేసినది. నమూనా ఆ రాతను తర్వాత చదివి, వెదికి, కూడి, పోల్చేవారి కోసం తయారుచేసినది. అందువల్ల నమూనాలో ఫారంలో లేని గడులు కొన్ని చేరతాయి. ఫొటో సంఖ్య, పేజీలో వరుస సంఖ్య, ఎత్తిరాసినవారి సందేహం అలాంటివి. ఫారంలో ఒకే గడిగా ఉన్నది నమూనాలో రెండు గడులుగా విడిపోవచ్చు కూడా.

నమూనాకు రెండు భాగాలుంటాయి. మొదటిది గడుల పట్టిక. రెండోది నియమపత్రం: ఏ గడిలో ఏది ఎలా రాయాలో, కొట్టివేత కనిపిస్తే ఏం చేయాలో, అక్షరం తెలియకపోతే ఏ గుర్తు పెట్టాలో చెప్పేది. పట్టిక ఉండి నియమపత్రం లేకపోతే గడులు ఒకటిగానే ఉంటాయి గాని వాటిలోని రాత మనిషికో తీరుగా మారుతుంది.

చారిత్రక నేపథ్యం

గ్రామాల లెక్కలను ఒకే నమూనాలోకి తేవడం దత్త మండలాల్లో పాత విషయమే. 1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దక్కిన తర్వాత ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి, భూమి కొలతలు జరిపించి, రైతువారీ శిస్తు పద్ధతిని నెలకొల్పాడు. రైతు పేరు, పొలం, విస్తీర్ణం, శిస్తు అనే అంశాలు ఊరూరా ఒకే గడుల్లోకి రావలసిన అవసరం అప్పటినుంచే ఉంది.

రాసిన ఫారం నుంచి మరో నమూనాలోకి సమాచారాన్ని ఎత్తే పని జనాభా లెక్కల్లో పెద్ద ఎత్తున సాగింది. భారతదేశంలో 1901 జనాభా లెక్కల్లో ఒక్కొక్క మనిషి వివరాలను ఒక్కొక్క చీటీ మీదికి ఎత్తి, ఆ చీటీలను వేరుచేసి లెక్కించే పద్ధతిని అనుసరించారు. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ రంధ్రాల కార్డును వాడాడు. కార్డు మీద ఫలానా చోట పడిన రంధ్రానికి ఫలానా అర్థం అని ముందే ఖాయం కావడం వల్లనే యంత్రం వాటిని లెక్కించగలిగింది.

చదవరాని రాతను ఎలా చూపాలన్న ప్రశ్నకు జవాబు ప్రాచీన రాతల పరిశోధకుల నుంచి వచ్చింది. గ్రీకు, లాటిన్ ప్రాచీన రాతల ప్రచురణ కోసం 1931లో లైడెన్ నగరంలో పండితులు సంకేతాలను ఖాయం చేశారు. స్పష్టంగా ఉన్న అక్షరం, సందేహంగా చదివిన అక్షరం, పోయినచోట పండితుడు పూరించిన అక్షరం వేర్వేరు గుర్తులతో కనిపించాలన్నది ఆ ఒప్పందంలోని ముఖ్యాంశం. నేటి ఎత్తిరాత నమూనాల్లోని సందేహ చిహ్నాలు ఈ వరుసలోవే.

అడంగల్: రూపం, స్వభావం

అడంగల్‌ను పహాణీ అని కూడా అంటారు. గ్రామంలోని ప్రతి సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, అది ఎవరి పట్టా, ఎవరి అనుభవంలో ఉంది, ఆ ఏడు ఏ పంట వేశారు అనే వివరాలు అందులో ఉంటాయి. మొత్తం విస్తీర్ణం, సాగుకు పనికిరానిది, సాగుకు పనికివచ్చునది, భూమి స్వభావం, శిస్తు, జలాధారం, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, అనుభవ విస్తీర్ణం దానిలోని ప్రధాన గడులు. రికార్డు ఫసలీ సంవత్సరం చొప్పున నడుస్తుంది. ఫసలీ జూలై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ 1400 అంటే 1990 జూలై నుంచి 1991 జూన్ వరకు.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యేవరకు ఈ లెక్కలు కరణాల చేతిరాతలో ఉండేవి. తర్వాత రెవెన్యూ సిబ్బంది రాశారు. 2015లో మొదలైన మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1-బి చూడవచ్చు. వారసత్వం, సరిహద్దు, పట్టా తగాదాల్లో మాత్రం పాత చేతిరాత పేజీల అవసరం ఇప్పటికీ పడుతుంది. అవి వెడల్పాటి పుస్తకాలు కావడంతో ఎడమ పుట, కుడి పుట విడివిడిగా ఫొటోకు ఎక్కుతాయి. ఎత్తిరాత కష్టాల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది. (చూడండి: ఫసలీ సంవత్సరం, గ్రామ లెక్కలు)

నమూనా రకాలు

యథాతథ నమూనాలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టే వస్తుంది. "డో" అని ఉంటే "డో" అనే రాస్తారు. సాక్ష్యంగా ఇది గట్టిది, లెక్కకు మాత్రం పనికిరాదు.

సమీకృత నమూనాలో ప్రతి విలువనూ ఒకే రూపంలోకి మారుస్తారు. విస్తీర్ణమంతా దశాంశ ఎకరాల్లోకి, పంటల పేర్లన్నీ ఒకే వర్ణక్రమంలోకి వస్తాయి. కూడికలు సులువవుతాయి. అయితే మార్చేటప్పుడు జరిగిన పొరపాటును తర్వాత పట్టుకోవడానికి ఆధారం మిగలదు.

జంట నమూనా ఈ రెండింటినీ కలుపుతుంది. అర్థం చెప్పుకోవలసిన ప్రతి గడికీ పక్కపక్కన రెండు గడులుంటాయి: ఒకటి కాగితం మీది రాతకు, రెండోది దాని విలువకు. పని పెరిగినా భూమి రికార్డులకు ఇదే తగినది. పట్టాదారు పేరు వంటి గడులకు మొదటిది మాత్రమే చాలు. విస్తీర్ణం, శిస్తు, సంవత్సరం గడులకు జంట తప్పనిసరి.

నమూనా నిర్మాణం

*పేజీ శిరోభాగం.* ఊరు, తాలూకా లేదా మండలం, జిల్లా, ఫసలీ, పేజీ సంఖ్య పేజీకి ఒక్కసారే వస్తాయి. వీటిని వరుసల పట్టికలో కలపకుండా వేరే పట్టికలో ఉంచి ఫొటో సంఖ్యతో ముడిపెట్టాలి. తనకల్లు ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. 1985లో మండలాలు ఏర్పడక ముందు ఈ ఊళ్లు కదిరి తాలూకాలో ఉండేవి. కదిరి తాలూకా 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కడప జిల్లాలో ఉండి, ఆ తర్వాత అనంతపురం జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4 నుంచి తనకల్లు మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కాగితం మీద ఉన్న పేరును మార్చకుండా ఒక గడిలోనూ, నేటి పేరును మరో గడిలోనూ రాస్తే ఒకే ఊరు రెండు ఊళ్లుగా విడిపోదు.

*వరుస యూనిట్.* పట్టికలో ఒక వరుస దేనికి నిలుస్తుందో ముందుగా తేల్చాలి. సర్వే నంబరుకు ఒక వరుస అనుకుంటే, అందులో ఇద్దరు అనుభవదారులు ఉన్నప్పుడు రెండో పేరుకు చోటు దొరకదు. అందువల్ల అడంగల్‌కు "ఒక సర్వే నంబరులోని ఒక అనుభవదారు" అనేది సరైన యూనిట్. ఈ ఎంపికతో మరో నియమం అవసరమవుతుంది. మొత్తం విస్తీర్ణం సర్వే నంబరుకు చెందినది, అనుభవదారుకు కాదు. అది ఇద్దరి వరుసల్లోనూ కనిపిస్తుంది కనుక, కూడేటప్పుడు మొదటి అనుభవదారు వరుసనే లెక్కలోకి తీసుకోవాలి.

పంట గడి కూడా ఇలాంటిదే. ఈ జిల్లాలో వేరుశనగ సాళ్ల మధ్య కంది వేయడం మామూలు, కాబట్టి ఒకే గడిలో రెండు పంటలు ఉండవచ్చు. వాటికి రెండు వరుసలు పెడితే భూమి రెట్టింపవుతుంది. వరుస ఒకటే ఉంచి, పంట-1, పంట-2 అని రెండు గడులు ఇవ్వడం మేలు.

*ఖాళీల సంకేతాలు.* ఖాళీ గడికి అర్థాలు అనేకం. రాసినవారు ఏమీ రాయలేదా, అడ్డగీత గీశారా, రాత ఉండి చదవడానికి వీలుకాలేదా, ఆ అచ్చు ఫారంలో ఆ గడే లేదా అన్నది తేలాలి. వీటిని విడదీయకపోతే చినిగిన పేజీలోని భూమికి శిస్తే లేదన్న అర్థం వస్తుంది. అందుకోసం ఈ గుర్తులు చాలు:

```
[ఖాళీ]          గడి ఉంది, రాత లేదు
-               కాగితం మీదే అడ్డగీత ఉంది
[చదవరాదు]       రాత ఉంది, తెలియలేదు
[గడి లేదు]      ఈ అచ్చు ఫారంలో గడి లేదు
[?]             ముందున్న అక్షరం సందేహం
[కొట్టివేత: ]    కొట్టేసిన రాత
```

నమూనాలో నిజమైన ఖాళీ గడి ఎక్కడా ఉండరాదు. ఉంటే అది ఎత్తిరాసినవారు దాటేసిన చోటని వెంటనే తెలుస్తుంది.

*పదాల జాబితా.* భూమి స్వభావం, జలాధారం, పంట వంటి గడుల్లో విలువలు కొద్ది. "వేరుశనగ", "వేరుశెనగ", "వే.శ." మూడూ ఒకే పంట. విలువ గడికి ముందే ఒక జాబితా ఇచ్చి, అందులోని పదమే రాయాలని నియమం పెడతారు. జాబితాలో లేని పదం కనిపిస్తే దాన్ని దగ్గరి పదంలోకి నెట్టకుండా "ఇతర" అని రాసి, అసలు రాతను మొదటి గడిలో ఉంచుతారు.

కొలతల మార్పిడి

ఆంధ్ర ప్రాంతపు రికార్డుల్లో విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. ఎకరానికి 100 సెంట్లు. "2-20" అంటే 2.20 ఎకరాలు. తెలంగాణలోనూ, జిల్లా సరిహద్దు దాటగానే కర్ణాటకలోనూ ఎకరాలు, గుంటలు వాడతారు. ఎకరానికి 40 గుంటలు. అక్కడ "2-20" అంటే 2.50 ఎకరాలు. రాత ఒకటే, విలువ వేరు. కనుక నమూనా శిరోభాగంలో కొలత గడి ఉండాలి.

"2-5" మరో చిక్కు. లెక్క ప్రకారం అది 2 ఎకరాల 5 సెంట్లు, అంటే 2.05. తొందరలో గీతను చుక్కగా మార్చితే 2.5 అవుతుంది, 45 సెంట్ల భూమి ఎక్కువ పడుతుంది. సెంట్లను ఎప్పుడూ రెండంకెల్లో రాయాలన్న నియమం విలువ గడికి వర్తిస్తుంది. మొదటి గడిలో "2-5" అలాగే ఉంటుంది.

శిస్తు గడికి తేదీ కావాలి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. "3-8-0" అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు, నేటి లెక్కలో 3.50. ఆ తర్వాతి రాతలో "3-08" అంటే 3.08. ఫసలీ 1366 సరిగ్గా ఈ మార్పు మీద పడుతుంది. ఆ ఏటి పేజీల్లో విలువను ఊహించి వేయకుండా, గీతలతో విడదీసిన భాగాలు రెండున్నాయా మూడున్నాయా చూసి నిర్ణయించాలి. పాత పేజీల్లో తెలుగు అంకెలుంటే ౨, ౩ మధ్య పొరపాటు పడకుండా అదే చేతిరాతలోని సర్వే నంబర్ల వరుసతో పోల్చుకోవాలి. అవి వరుసగా పెరుగుతాయి కనుక మంచి ఆధారం.

రూపకల్పన దశలు

మొదట ఫొటోలన్నిటినీ అచ్చు ఫారం ప్రకారం వేరుచేస్తారు. ఒకే ఊరి అడంగల్‌లోనూ ఏళ్ల తేడాతో గడులు మారవచ్చు. గడులు పెరిగి తగ్గినా నమూనా ఒకటే ఉండాలి. అన్ని రూపాల్లోని గడులూ అందులో ఉండి, లేనిచోట [గడి లేదు] పడాలి.

తర్వాత కొన్ని పేజీలను ప్రయోగానికి తీసుకుంటారు. మొదటి పేజీలే తీసుకుంటే నమూనా శుభ్రమైన పేజీలకే సరిపోతుంది. కట్ట మొదలు, నడుమ, చివర నుంచి ఒక్కొక్కటి, చేతిరాత మారినచోట ఒకటి, అన్నిటికంటే పాడైన పేజీ ఒకటి ఉండాలి.

ముసాయిదా నమూనాతో ఇద్దరు ఒకరికొకరు చూపుకోకుండా అవే పేజీలను ఎత్తిరాస్తారు. రెండింటినీ గడిగడికీ పోల్చినప్పుడు వచ్చే తేడాలు రెండు రకాలు. ఒకరు అంకెను తప్పు చదివితే అది చదువరి లోపం. ఒకరు "డో"ను అలాగే ఉంచి మరొకరు పై విలువతో నింపితే అది నియమపత్రం లోపం. రెండో రకం తేడా ప్రతిదానికీ ఒక నియమం చేరుస్తారు.

తేడాలు చదువరి లోపాలకే పరిమితమైనప్పుడు నమూనాకు వెర్షన్ సంఖ్య ఇచ్చి ఖాయం చేస్తారు. పని మధ్యలో కొత్త సమస్య వచ్చి గడి చేర్చవలసి వస్తే వెర్షన్ మారుతుంది. అప్పటికే పూర్తయిన పేజీలను ఆ ఒక్క గడి కోసం మళ్లీ చూడాలి. అలా చూడకపోతే కట్టలో సగం ఒక తీరు, సగం మరో తీరు అవుతుంది.

ఉదాహరణ: రెండు వరుసల నమోదు

కింది వరుసలు పద్ధతిని చూపడానికి కల్పించినవి. ఒక సర్వే నంబరులో ఇద్దరు అనుభవదారులున్నారు. మొత్తం విస్తీర్ణం గడిలో చివరి అంకె మీద సిరా చెదిరింది. అది 4-60 కావచ్చు, 4-66 కావచ్చు. రెండో వరుసలో పై వివరాలకు బదులు "డో" అని ఉంది.

```
photo|row|sy|occ|total_raw|total|waste_raw|waste|cult_raw|cult|occ_raw|occ_ext|note
P023|4|214-2|1|4-60[?]|4.60|0-20|0.20|4-40|4.40|2-20|2.20|లెక్క
P023|5|214-2|2|డో|4.60|డో|0.20|డో|4.40|డో|2.20|పైవరుస
```

సాగుకు పనికిరాని 0.20, పనికివచ్చే 4.40 కలిపితే 4.60. అందువల్ల `total` గడిలో 4.60 పడింది. అంకె కళ్లతో చదివినది కాదు, లెక్కతో తేలినది కనుక `note` గడిలో "లెక్క" అని ఉంది. `total_raw` గడిలో సందేహ చిహ్నం అలాగే మిగిలింది. రేపు మరొకరు అసలు పుస్తకంలో 4-66 అని స్పష్టంగా చూస్తే, తప్పు రాసినవారి కూడికలో ఉందని తేలుతుంది. ఆ సంగతి నమూనాలో దాగిపోదు.

రెండో వరుసలో "డో"లన్నిటికీ పై విలువ వచ్చింది. `occ_ext` గడిలోని రెండు 2.20లు కలిస్తే సాగుభూమి 4.40తో సరిపోతుంది. దీన్నిబట్టి అనుభవ విస్తీర్ణం కింది "డో" నిజంగానే పై విలువను చెబుతోందనీ, ఖాళీని నింపడానికి గీసినది కాదనీ తెలుస్తుంది.

`row` సంఖ్య కాగితం మీద ఉండదు. ఎత్తిరాసేవారు పై నుంచి కిందికి లెక్కించి వేస్తారు. ఎడమ పుట ఫొటోలోని నాలుగో వరుసను కుడి పుట ఫొటోలోని నాలుగో వరుసతో కలిపేది ఈ సంఖ్యే.

తనిఖీ

నమూనా ఒకటిగా ఉన్నప్పుడు తనిఖీలో కొంత భాగం లెక్కతోనే జరుగుతుంది. పనికిరానిది, పనికివచ్చునది కలిస్తే మొత్తం కావాలి. అనుభవ విస్తీర్ణాల కూడిక సాగుభూమిని మించరాదు. ఎడమ, కుడి పుటల్లో వరుసల సంఖ్య సమానం కావాలి. పేజీ అడుగున రాసిన మొత్తం ఉంటే వరుసల కూడికతో సరిపోవాలి. సరిపోనిచోట విలువను సరిదిద్దకుండా గుర్తు పెట్టి ఫొటోను మళ్లీ చూడటం నియమం.

లెక్కకు లొంగని పేర్లకు జంట నమోదు వాడతారు. ఇద్దరు విడివిడిగా రాసి, తేడా వచ్చినచోట మూడో మనిషి ఫొటో చూసి తేలుస్తారు. పట్టాదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నంబరు గడులకు ఇది అవసరం. పంట గడికి జాబితానే సరిపోతుంది.

సాధారణ దోషాలు, వాటి ఆనవాళ్లు

స్ప్రెడ్‌షీట్ సర్వే నంబర్లను తేదీలుగా మార్చడం తరచూ జరిగేది. "12-3" మార్చి 12గా, "2-10" అక్టోబరు 2గా మారిపోతాయి. కొన్ని గడులు ఎడమకూ కొన్ని కుడికీ ఒరిగి కనిపించడం దీని ఆనవాలు. నమోదు మొదలుకాక ముందే ఆ నిలువు వరుసలను టెక్స్ట్‌గా పెట్టాలి. తర్వాత మార్చితే అసలు రాత తిరిగి రాదు.

కుడి పుటలో ఒక వరుస దాటిపోతే అక్కడి నుంచి దాని వివరాలన్నీ ఒక గడి పైకి జరుగుతాయి. పేజీలో ఒక చోటు నుంచి కిందికి అన్ని వరుసల్లోనూ కూడికలు తప్పడం దాని ఆనవాలు. ఒక్క వరుసలోనే తప్పితే అది అంకె చదవడంలో జరిగిన పొరపాటు.

ఎత్తిరాసేవారు తెలియకుండానే సరిదిద్దడం మరో దోషం. పరిచయమైన ఇంటిపేరును చూసి అసలు రాతను దాని ప్రకారం మార్చేస్తారు. కట్టలో సందేహ చిహ్నాలు దాదాపు లేకపోవడం దీన్ని బయటపెడుతుంది. పాత చేతిరాత పేజీలు అంత తేటగా ఉండవు.

పరిమితులు

అంచుల్లో రాసిన వివరణలు, మ్యుటేషన్ ఉత్తర్వుల ప్రస్తావనలు, ఎర్ర సిరా సవరణలు, చిన్న సంతకాలు గడుల్లో ఇమడవు. వాటికి ఒక వివరణ గడి పెట్టినా, అది పేజీలో ఏ వరుసకు ఎదురుగా ఉందన్నది పోతుంది. సిరా రంగు, రాసిన చేయి మారడం వంటి ఆధారాలు తగాదాలో కీలకం కావచ్చు. అవి ఫొటోలోనే మిగులుతాయి. పైగా ఎత్తిరాతకు చట్టపరంగా రికార్డు విలువ లేదు. ధ్రువీకరించిన నకలు రెవెన్యూ కార్యాలయం నుంచి రావాలి.

వ్యక్తుల పేర్లు, ఖాతాలు ఉండే పట్టికలో అందరికీ అన్ని గడులూ అవసరం లేదు. పంటల అధ్యయనానికి ఇచ్చే ప్రతిలో పేర్ల గడులు తీసివేసి, ఫొటో సంఖ్య, వరుస సంఖ్య ఉంచితే సరిపోతుంది. సందేహం వచ్చినప్పుడు అసలు పేజీకి తిరిగి వెళ్లడానికి ఆ రెండు సంఖ్యలు చాలు.

సంబంధిత అంశాలు

ఫసలీ సంవత్సరం; గ్రామ లెక్కలు; 1-బి రిజిస్టరు; కరణాల వ్యవస్థ; రైతువారీ పద్ధతి; లైడెన్ సంకేతాలు; తెలుగు అంకెలు; జనాభా లెక్కల చీటీ పద్ధతి.